ఇంకా రావలసినది

అప్‌లోడ్ అన్న మాటకు తెలుగు లేదంటే నాకు ఒళ్ళు మండేది. ఇదంతా మొన్న జూలై దాకా. ఇప్పుడు ఎవరైనా ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తున్నాను.

నా పేరు జోగారావు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో గుమాస్తాగిరీ చేసి, కాకినాడ నుంచి వచ్చి కొంపల్లిలో ఫ్లాటు కొనుక్కున్నాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ కామేశ్వరమ్మ వంటలో వంకలు వెతుకుతున్నానని, ఆవిడే నన్ను ఫణిభూషణ్ ఆఫీసుకు తోలింది. ఫణి మా ఊరివాడే. మేడ్చల్ బస్టాండు దగ్గర మందుల షాపు పైన ఆడిటర్ ఆఫీసు పెట్టాడు. ఉత్తరాలు రాయడం, వచ్చినవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నా పని.

ఫణి క్లయింట్లలో సగంమంది శామీర్‌పేట, కీసర వైపు భూములున్నవాళ్ళు. మొన్నటిదాకా అందరూ ఆధార్లూ పాన్‌కార్డులూ వాట్సాప్‌లో పంపేవాళ్ళు. ఒకాయన అమ్మకం దస్తావేజు పొరపాటున ఇంకొకరి కుటుంబం గ్రూపులోకి వెళ్ళి, అన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చింది. దాంతో ఫణి ఒక పోర్టల్ పెట్టించాడు. ప్రతి క్లయింటుకూ విడి ఫోల్డర్. ఆఫీసులో రాసుకున్న ఫోన్ నంబరుకే లింకు వెళుతుంది, ఆ ఫోన్‌కే ఆరంకెల ఓటీపీ వస్తుంది, అది కొడితేనే లోపలికి వెళ్ళేది. క్లయింటుకు తన ఫోల్డర్ తప్ప ఇంకొకటి కనబడదు. పంపినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆఫీసులోనూ అంతే, ఎవరికి ఏ ఫోల్డర్ అప్పజెప్పారో వాళ్ళే తెరవాలి. ఎవరు ఎప్పుడు తెరిచారో, ఏం చూశారో అంతా లాగ్‌లో పడుతుంది. నాకు ఒక్క ఫోల్డరూ తెరిచే అధికారం లేదు. కానీ అందులో వచ్చే తెలుగంతా నాది.

ఆ తెలుగు గురించి నాకు భలే గర్వంగా ఉండేది. అప్‌లోడ్ బటన్ మీద 'పైకి పంపు' అని పెట్టించాను. ఫైలు చేరగానే ఫోన్‌కు 'మీరు పైకి పంపినది అందింది' అని మెసేజ్ వెళుతుంది. ఫైలు బాగోలేకపోతే మావాళ్ళు కారణం ఎంచుకుంటారు: మసకగా ఉంది, మూలలు కనబడలేదు, నీడ పడింది, ఇది అడిగినది కాదు. వెంటనే 'స్వీకరించలేదు, మళ్ళీ పంపండి' అని వెళుతుంది. చివరి రోజు సాయంత్రం ఆరింటితో గడువు అయిపోతుంది. అది దగ్గరపడితే ఏడు రోజుల ముందు, మూడు రోజుల ముందు, ఒక రోజు ముందు గుర్తుచేస్తుంది. దాని చివర 'గడువు దాటితే తలుపు మూసుకుంటుంది' అన్న వాక్యం నాకు మరీ ఇష్టం. లింకు పనిచేయదు అనడం కంటే ఎంత ముచ్చటగా ఉందో చూడమని ఫణికి రెండుసార్లు చదివి వినిపించాను.

"బాబాయిగారూ, మీ ఇష్టం. అర్థమైతే చాలు," అన్నాడు వాడు.

సూచనలు కూడా నేనే రాశాను. కాగితాన్ని చదునైన చోట పరచండి. నాలుగు మూలలూ కనబడాలి. పగటి వెలుతురులో తీయండి, మీ నీడ పడకూడదు, వేళ్ళు కనబడకూడదు. ఒక ఫైలుకు ఒకటే కాగితం. ఫైలు పేరు ఇలా ఉండాలి: మనిషి పేరు, కాగితం పేరు, సంవత్సరం. ఇంత వివరంగా చెప్పినా మనుషులు బోర్లించిన పాస్‌బుక్కుల ఫోటోలు పంపేవాళ్ళు. ఈ లోకంలో సూచనలు చదివేవాళ్ళే లేరని విసుక్కునేవాణ్ణి.

ఒక్కరున్నారు.

ఆ ఒక్కరి ఫోల్డర్ అశ్రితకు అప్పజెప్పారు. అశ్రిత సీఏ చదువుతూ మా దగ్గర ఆర్టికల్ చేస్తున్న పిల్ల, గాజులరామారం నుంచి బస్సులో వస్తుంది. నెమ్మదస్తురాలు, అనవసరంగా మాట్లాడదు. గడువు రోజున పొద్దున పదింటికి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖంలో రక్తం లేదు.

"సార్, చనిపోయినాయన రోజూ పొద్దుగాల ఆరుంబావుకు పోర్టల్లకు వస్తుండు," అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"లాగ్ల అదే పడుతుంది సార్. పర్వతాలు, లోపలికి వచ్చారు. రోజూ గదే టైం. పైకి పంపుతుండు, పోతుండు. పది రోజుల సంది."

పర్వతాలు గురించి నాకు తెలుసు. శామీర్‌పేట అవతల పల్లె, మా పాత క్లయింటు. కిందటేడు కొంత భూమి అమ్మి, ఆ తర్వాత నవంబరులో గుండె ఆగి పోయాడు. పోయినవాళ్ళకైనా ఆ ఏడాది ఆదాయపన్ను రిటర్ను వేయాలి. వారసులు వేస్తారు. ఇక్కడ వారసురాలిగా భార్య లక్ష్మీకాంతమ్మ పేరు పెట్టారు. ఫోల్డర్ మాత్రం పర్వతాలు పేరు మీదే ఉంది, ఫోన్ నంబరూ ఆయనదే.

"ఆయన ఫోన్ ఆవిడ దగ్గరుంటుంది, ఆవిడే పంపుతోంది. లాగ్‌కు ఆ తేడా తెలియదుగా," అన్నాను.

"అది నాకూ తెలుసు సార్. కానీ పంపేవి కాగితాలు కావు. గా నంబర్‌కు రోజూ ఫోన్ చేస్తున్న. మోగుతుంది, ఎవ్వరు ఎత్తరు. ఇయ్యాల వచ్చింది చూసినంక ఊకుండబుద్ధి గాలే. మీకు చూపియ్యనీకె లేదు. ఫణి సార్‌ను అడుగుండ్రి."

ఫణిని అడిగాను. వాడు రూల్ అంటే రూల్ అనే మనిషి. ఆ ఒక్క ఫోల్డర్, చూడడానికి మాత్రమే, దించుకోవడానికి వీల్లేకుండా, సాయంత్రం ఆరుదాకా నా పేరున అనుమతి ఇచ్చాడు. ముగ్గురం వాడి గదిలో స్క్రీను ముందు కూర్చున్నాం.

మొదటి నాలుగూ మామూలు కాగితాలు. పర్వతాలు పాన్‌కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, మరణ ధ్రువపత్రం, అమ్మకం దస్తావేజు. ఎంత చక్కగా తీశారో. నాలుగు మూలలూ ఉన్నాయి. అన్నిటికీ 'అందింది' అని గుర్తు ఉంది.

ఐదోది తెల్ల అంగీ. ఉతికి ఇస్త్రీ చేసి నేల మీద పరిచారు. ఫైలు పేరు: పర్వతాలు_అంగి_2025. అశ్రిత 'ఇది అడిగినది కాదు' అని కొట్టింది. ఆరోది విస్తరాకులో అన్నం, కోడికూర. పర్వతాలు_కోడికూర_2025. అడిగినది కాదు. ఏడోది కల్లు సీసా, పక్కన బీడీకట్ట. తర్వాత ఆయన కళ్ళద్దాలు. ఆ తర్వాత మళ్ళీ అన్నం, ఈసారి చేపలకూరతో. అన్నీ అడిగినవి కావు. ప్రతి ఫోటోలోనూ వస్తువు సరిగ్గా మధ్యలో ఉంది. ఒక్కదాంట్లోనూ వేలు లేదు. పొద్దుటి వెలుతురు నేల మీద పడుతోందిగానీ, ఫోటో తీసిన మనిషి నీడ ఎక్కడా లేదు.

ఆ నీడ లేకపోవడమే నన్ను భయపెట్టింది. నీడ పడకూడదని రాసింది నేనే అని తెలిసినా భయం వేసింది.

పదోదానికి పేరు మారింది. లక్ష్మీకాంతమ్మ_గోలీలు_2025. బీపీ మాత్రల అట్ట, ఒక్క మాత్రా తీయలేదు. పదకొండోది ఆ రోజు పొద్దున ఆరుంబావుకు వచ్చింది. నేల మీద పరిచిన చాప. నాలుగు మూలలూ కనబడుతున్నాయి. చాప మీద మడత విప్పని ఎర్రచీర, డజను గాజులు, పసుపు, కుంకుమ. ఇంకేమీ లేవు.

ఫైలు పేరు: లక్ష్మీకాంతమ్మ_వస్తున్న_2025.

"ఎక్కడికి వస్తోందీ?" అన్నాడు ఫణి. "ఆఫీసుకా?"

"మన దగ్గర్నుంచి ఆ ఫోన్‌కు వెళ్ళిన మెసేజ్‌లు చూపించమ్మా," అన్నాను. అశ్రిత తెరిచింది. నా వాక్యాలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతిదాని మొదట్లోనూ ఫోల్డర్ పేరు.

పర్వతాలు. మీరు పైకి పంపినది అందింది.

పర్వతాలు. స్వీకరించలేదు. ఇది అడిగినది కాదు. మళ్ళీ పంపండి.

పర్వతాలు. ఇంకా రావలసినది: లక్ష్మీకాంతమ్మ. గడువు మూడు రోజులు. గడువు దాటితే తలుపు మూసుకుంటుంది.

"రావలసింది ఆవిడ పాన్‌కార్డు కదా! పేరొక్కటే ఎందుకు పోయింది?" అని అరిచాను.

"మీకు తెలియంది ఏముంది బాబాయిగారూ. ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు, మెసేజ్‌లో పాన్, ఆధార్ అని రాకూడదని మనమే పెట్టుకున్నాం. ఎవరి కాగితం రావాలో ఆ పేరు మాత్రమే వెళుతుంది. ఏ కాగితమో లోపలికి వెళ్ళి చూసుకోవాలి," అన్నాడు ఫణి, గొంతు తగ్గించి.

"ఈడ పిట్టకు పెడతరు సార్," అంది అశ్రిత. "మనిషి పోయినంక ఆయనకు ఇష్టమైనవన్నీ వండి పెడితే పిట్ట ముట్టాలె. ముట్టకపోతే ఇంకేదో అడుగుతుండు అంటరు. నేను రోజూ ముట్టలేదు, ముట్టలేదు అని కొట్టిన." ఏడుపు ఆపుకోలేకపోయింది.

కొడుకు నవీన్‌కు ఫోన్ చేశాం. రియల్ ఎస్టేట్ మనిషి, కీసర దగ్గర కొత్త వెంచర్‌లో ఉన్నాడు. వెనక మైకులు మోగుతున్నాయి. "అమ్మనే పంపుతాంది గద సార్. నాయిన ఫోన్‌కు మెసేజ్ వస్తది, అండ్ల జెప్పినట్టు జెయ్యమన్న. ఒక్కపొద్దులున్నది, జర తినుమని జెప్పుండ్రి," అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఫణి కారు తాళాలు నా చేతిలో పెట్టి, తను ఆఫీసులోనే ఉంటానన్నాడు. పోర్టల్‌లో ఏది మార్చాలన్నా వాడి లాగిన్ కావాలి. అశ్రితా నేనూ బయల్దేరాం. సర్వీసు రోడ్డు మీద బోనాల బ్యానర్లు కట్టి ఉన్నాయి. లారీల వెనక ఆగినప్పుడల్లా నాకు నా వాక్యమే వినబడుతోంది. తలుపు మూసుకుంటుందట. ఎంత ముచ్చటగా రాశానో. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

రెండంతస్తుల కొత్త ఇల్లు. కోడలు ప్రణీత బడిలో టీచరు, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. గేటు తీసే ఉంది. వీధి తలుపూ బార్లా తీసి, మూసుకోకుండా రాయి అడ్డం పెట్టారు.

"అమ్మా!" అని పిలిచింది అశ్రిత. పలకలేదు.

ముందు గదిలో ఫోటోలో చూసిన చాపే ఉంది. ఇప్పుడు దాని మీద వస్తువులు లేవు. ఎర్రచీర కట్టుకుని, చేతుల నిండా గాజులు వేసుకుని, ఎనిమిది నెలల కింద తుడిచేసిన బొట్టు మళ్ళీ పెట్టుకుని, అరవై అయిదేళ్ళ మనిషి చాప మధ్యలో చక్కగా పడుకుని ఉంది. చాప నాలుగు మూలలూ కనబడేలా. తల పక్కన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. అశ్రిత వెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. "జల్దీ వచ్చిండ్రు. ఇంకా ఆరు గాలే," అంది.

మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ లోపలికి వెళ్ళలేదట. మాత్రలు ఆపి వారం. పెదవులు పగిలాయి. అశ్రిత వంటింట్లోకి వెళ్ళి జావ కాచి తెచ్చింది. ఆవిడ ముఖం తిప్పుకుంది.

నేను చాప పక్కన కూలబడ్డాను. చెప్పాల్సిందంతా చెప్పాను. నేను జోగారావుననీ, ఆ మాటలన్నీ నావేననీ, పైకి అంటే కంప్యూటర్లోకనీ, రావలసింది పాన్‌కార్డనీ చెప్పాను. చేతులు జోడించాను. బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళలో ఎవరికీ అలా దండం పెట్టలేదు.

ఆవిడ అంతా విన్నది. తెలివితక్కువ మనిషి కాదు. ఏడో తరగతి చదివింది, పదిహేనేళ్ళు మహిళా సంఘం పుస్తకాలు రాసింది.

"నాకు ఎర్క లేదా సారూ, కంప్యూటర్ అని? మొదటి నాలుగు కాయితాలు నేనే పంపిన గద. తర్వాత వచ్చింది, ఇంకా రావలసింది లక్ష్మీకాంతమ్మ అని. పైన ఆయన పేరున్నది. అగో గప్పుడు నా పానం జల్లుమన్నది. నన్ను పిలుస్తుండేమో, చూద్దామని అంగి పంపిన. గిది గాదు అన్నడు. కూర పంపిన. గిది గాదు అన్నడు. ఆయన గంతే సారూ. నలబై ఏండ్లు ఏం వెట్టినా గిది గాదు అనేటోడు. ఏం గావాల్నో నోరు ఇడిచి చెప్పకపోయేటోడు."

"అది నేను కొట్టిన అమ్మా," అంది అశ్రిత. "ఆయన గాదు."

"నువ్వు గొట్టినవేమో బిడ్డా. మాట ఆయనదే."

"నేను రోజూ ఫోన్ చేసిన, ఎందుకు ఎత్తలేదు?"

"ఆయన ఫోన్ నేనెట్ల లేపుత?" అంది ఆవిడ.

టైం మూడు దాటింది. అంబులెన్సును పిలుద్దామా అంటే, "ఏడికి తీస్కపోయినా ఆరుకు పోత," అంది, మేడ్చల్ బస్సు గురించి చెప్పినంత మామూలుగా. ఆ మామూలుతనం చూశాక అంబులెన్సు మాట మళ్ళీ ఎత్తలేదు. జావ గిన్నె మీద మీగడ కట్టింది.

చివరికి ఆవిడే అంది, ఫోన్‌ను చూపిస్తూ. "మీరే రాసిండ్రు అంటుండ్రు గద సారూ. మంచిది. మరి అండ్లనే చెప్పుండ్రి. రావద్దంటే రావద్దని."

నేను ఫణికి ఫోన్ చేసి, ఆవిడ పేరు తీసేయమన్నాను. వాడు తటపటాయించాడు. "తీసేస్తే 'మీ ఖాతాలో రావలసినవేమీ లేవు' అని పోతుంది బాబాయిగారూ. మీరు రాసిందే. పంపమంటారా?"

నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పేరు మీద, నీతో పని లేదని. "వద్దు వద్దు," అన్నాను. "గడువు పొడిగించు. తేదీ ఖాళీగా వదిలెయ్."

"ఖాళీగా వదలనివ్వదు. ఏదో ఒక తేదీ వేయాలి. కాగితాలు ఎనిమిదేళ్ళు దాచాలని పెట్టుకున్నాం కదా, అదే చివర. రెండువేల ముప్పై నాలుగు, మార్చి ముప్పై ఒకటి. అంతకు మించి తీసుకోదు."

ఫోన్ చేతిలో పట్టుకుని నేను ఆ మనిషిని చూశాను. ఆమె నన్నే చూస్తోంది. ఒక మనిషికి తేదీ వేయడానికి నేనెవణ్ణి? బ్యాంకులో ఎన్ని గడువు తేదీలు వేశానో లెక్క లేదు, ఏనాడూ ఆగి ఆలోచించలేదు. ఆరుకు ఇంకా రెండున్నర గంటలుంది.

"వెయ్యి," అన్నాను.

ఆవిడ తల పక్కన ఫోన్ మోగింది. ఆవిడ లేచి కూర్చుని, కళ్ళజోడు తీసి పెట్టుకుంది. అవి ఆయన కళ్ళద్దాలే, ఎనిమిదో ఫైలులోవి. పైకే చదివింది.

"పర్వతాలు. ఇంకా రావలసినది లక్ష్మీకాంతమ్మ. గడువు పొడిగించబడినది. ముప్పై ఒకటి, మూడు, రెండువేల ముప్పై నాలుగు."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒకసారి తప్పి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"మస్తు దినాలిచ్చిండు," అని ముక్కు చీదింది. "బతికున్నప్పుడు ఒక్కనాడన్న గింత ఆగిండా?" అప్పుడు ఏడ్చింది. గుండెలవిసేలా ఏడ్చింది. ఎనిమిది నెలలుగా ఏడవలేదని తర్వాత ప్రణీత చెప్పింది. ఏడుపు అయ్యాక గిన్నె అందుకుని చల్లారిన జావ తాగింది. అశ్రిత మాత్ర చేతిలో పెడితే వేసుకుంది. లేచి వెళ్ళి తలుపుకు అడ్డం పెట్టిన రాయి తీసేసింది.

మేం వచ్చేటప్పుడు బీరువాలోంచి పాన్‌కార్డు తీసి అశ్రిత చేతికిచ్చింది. "గిది పైకి పంపను సారూ. చేతికిస్తున్న. మీరే ఉంచుకోండ్రి," అంది. నకలు తీసుకుని ఆఫీసు కాగితాల ఫైల్లో పెట్టుకున్నాం. రిటర్ను వేశాం. పోర్టల్‌లో మాత్రం ఆ ఒక్కటీ ఇంకా రావలసినదిగానే ఉంది. ఆ ఫోల్డర్ చూసే పని పడిన ప్రతివాడూ అది పొరపాటనుకుని సరిచేయబోతాడు. ఫణి ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

మిగతా ఫోల్డర్లన్నిటిలో నా తెలుగు పీకేశాం. ఇప్పుడు బటన్ మీద అప్‌లోడ్ అనే ఉంది, మెసేజ్‌లో మొదట మా ఆఫీసు పేరు వస్తుంది, తలుపులూ గిలుపులూ లేవు. సంగతంతా కామేశ్వరమ్మకు చెప్పాక, రెండు రోజులు ఆవిడ వంటలో ఒక్క వంకా పెట్టకుండా అన్నం తిన్నాను.

లక్ష్మీకాంతమ్మ బాగానే ఉంది. క్యాలెండర్లో రోజులు కొట్టేస్తోందని ప్రణీత చెప్పింది. లాగ్‌లో ఇప్పటికీ అప్పుడప్పుడూ పొద్దున ఆరుంబావుకు 'పర్వతాలు, లోపలికి వచ్చారు' అని పడుతుంది. ఏమీ పంపరు. వచ్చి, చూసి, వెళ్ళిపోతారు.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. 2034 మార్చి 24న, గడువుకు ఏడు రోజుల ముందు, ఆ మెసేజ్ దానంతటదే పోతుంది. గుర్తుచేయడం దాని పని. నాకప్పటికి ఎనభై దాటుతాయి, ఉంటానో లేదో. అశ్రిత ఏడాదిలో వెళ్ళిపోతుంది. అందుకని ఫణిని అడిగి, ఆ ఫోల్డర్‌ను ఆఫీసువాళ్ళు ఎవరు తెరిచినా వాళ్ళకు మాత్రమే మొదట కనబడేలా ఒక సూచన పెట్టించాను. నేను రాసిన వాటిలో ఇదే చివరిది. ఎవరికీ చదివి వినిపించలేదు.

'ఈ ఫోల్డర్ చూసేవారికి. 2034 మార్చి 24 లోపు ఈ ఇంటికి ఫోన్ చేయండి. కోడలు ప్రణీత నంబరు కింద ఉంది, పర్వతాలు నంబరుకు చేయకండి. లక్ష్మీకాంతమ్మగారు ఉంటే, తేదీ ముందుకు జరపండి. జరపనివ్వకపోతే జరిపేలా మార్పించండి. ఆవిడ లేకపోతే, రావలసినది దగ్గర అందింది అని నొక్కండి.'